లెక్చర్ ట్రాన్స్‌క్రిప్ట్‌ని కాన్సెప్ట్ ఔట్‌లైన్‌గా కుదించడం: ఉదాహరణ తీసేసే ముందు దాని జేబులు తడమండి

50 నిమిషాల లెక్చర్ ట్రాన్స్‌క్రిప్ట్ తెరిస్తే పది పదిహేను పేజీలు పరుచుకుని ఉంటుంది. అందులో అసలు నిర్వచనాలు ఏరితే అర పేజీ కూడా ఉండవు. మిగతాదంతా ఉదాహరణలు, చెప్పిందే మళ్ళీ చెప్పడాలు, మధ్యలో ఎవరో అడిగిన ప్రశ్నలు, "సరే, ఎక్కడున్నాం" లాంటి మాటలు. అందుకే చాలామంది చేసేదేమిటంటే, "ఉదాహరణకి" అని కనిపించిన పేరానల్లా కొట్టేస్తూ పోతారు. నేనూ అదే చేసేవాణ్ణి. రెండు వారాల తర్వాత ఔట్‌లైన్ తెరిస్తే నిర్వచనాలు నీట్‌గా ఉండేవి, కానీ వాటితో ఒక్క లెక్క కూడా చేయలేకపోయేవాణ్ణి.

ఎందుకంటే మాట్లాడేవాళ్ళు పుస్తకంలా మాట్లాడరు. నిర్వచనం సగమే చెప్పి ఉదాహరణలోకి దూకేస్తారు, మిగతా సగం ఆ ఉదాహరణలో ఎక్కడో జారిపడుతుంది. ఉతకడానికి వేసే ముందు చొక్కా జేబులు తడిమి చూస్తాం కదా, ఇక్కడా పని అంతే: ఉదాహరణని పారేసే ముందు దాని జేబులో నిర్వచనం తాలూకు షరతు ఏదైనా ఉండిపోయిందేమో చూసి, దాన్ని బయటికి తీసి, నిర్వచనంలో పెట్టి, అప్పుడు పారేయాలి. కింద చెప్పేదంతా దీని గురించే.

గాల్లో మాట్లాడకుండా ఒక లెక్చర్ పట్టుకుందాం. ఫిజిక్స్, మొదటి సంవత్సరం స్థాయి, ఉష్ణం గురించి. నాలుగే కాన్సెప్టులు: ఉష్ణోగ్రత, ఉష్ణం, విశిష్టోష్ణం, గుప్తోష్ణం. కింద కొటేషన్లలో ఇచ్చే ముక్కలు నమూనా కోసం రాసినవి, కానీ లెక్చర్లలో మాట ఇలాగే నడుస్తుంది.

ముందు: టైమ్‌స్టాంపులు తీసేయకండి

చాలామంది మొట్టమొదట చేసే పని టైమ్‌స్టాంపులన్నీ శుభ్రం చేయడం. చూడ్డానికి బాగుంటుంది, తర్వాత ఏడిపిస్తుంది. ఆటోమేటిక్ క్యాప్షన్లలో పొరపాటు ఎక్కువగా ఎక్కడ పడుతుందంటే సాంకేతిక పదాల దగ్గర, ఇంకా ఘోరంగా, "పెరగదు", "కాదు" లాంటి వ్యతిరేకార్థాల దగ్గర. "కరిగేటప్పుడు ఉష్ణోగ్రత పెరుగుతుంది" అని క్యాప్షన్‌లో పడిందనుకోండి, లెక్చరర్ అన్నది "పెరగదు" అయ్యుండొచ్చు. ఆ ఒక్క మాట కోసం 50 నిమిషాల వీడియో మొత్తం వెతకడం ఎవరివల్లా కాదు. కాబట్టి రెండు మూడు సెకన్లకొకటి వచ్చే స్టాంపులు తగ్గించి పేరాకి ఒకటి చొప్పున ఉంచుకోండి. పేరా ఎక్కడ విడగొట్టాలంటే, మాట్లాడేవాళ్ళు విషయం మార్చిన చోట. మరీ ఆలోచించక్కర్లేదు, ఉజ్జాయింపు చాలు.

ఈ దశలో ఇంకేమీ తీసేయొద్దు, "ఆఁ", "మరి" లాంటివి కూడా. అవి ఎలాగూ ఔట్‌లైన్‌లోకి రావు, వాటి మీద అరగంట ఖర్చు పెట్టడం దండగ.

ఒకసారి చదువుతూ గుర్తులు పెట్టడం

ఇప్పుడు మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చదవండి, చేతిలో పెన్ను గానీ కామెంట్ పెట్టే వీలు గానీ ఉంచుకుని. నేను మూడే గుర్తులు వాడతాను: నిర్వచనం ముక్కకి ని, షరతు లేదా మినహాయింపుకి ష, ఉదాహరణకి ఉ. ఎక్కువ గుర్తులు పెట్టుకుంటే ఏది ఏదో తేల్చుకోవడానికే టైమ్ పోతుంది.

నిర్వచనాల్ని పట్టించే మాటలు కొన్ని ఉంటాయి: "అని పిలుస్తాం", "అని అంటాం", "అర్థమేంటంటే", "దీని పేరే". "అంటే" మాత్రం మోసం చేస్తుంది. "ఉష్ణం అంటే" అన్నప్పుడు అది నిర్వచనం మొదలు, "అంటే, నేననేది ఏంటంటే" అన్నప్పుడు ఊపిరి తీసుకోవడం. షరతుల్ని పట్టించేవి వేరు: "తప్ప", "మాత్రమే", "ఒక్కటి గుర్తుంచుకోండి", "అలాగని", "ఇక్కడ జాగ్రత్త". `Ctrl+F` కొట్టి ఈ మాటల కోసం విడిగా ఒకసారి వెతికితే చదివేటప్పుడు తప్పిపోయినవి దొరుకుతాయి. వీటిల్లో అన్నిటికన్నా విలువైనది "ఇందాక నేను అన్నాను కదా". అది వినిపించిందంటే దాదాపు ఎప్పుడూ పాత నిర్వచనాన్ని సరిదిద్దబోతున్నారనే లెక్క.

ప్రశ్నలూ జవాబుల భాగాన్ని చులకనగా చూడకండి. అరగంటలో బయటపడని షరతు ఎవరో ఒకరు అమాయకంగా అడిగిన ప్రశ్నకి జవాబులో బయటపడుతుంది.

నిర్వచనం ముక్కలన్నీ ఒకచోటికి చేర్చడం

కాన్సెప్ట్ ఒక్కోదానికి ఒక కాగితం లేదా ఒక శీర్షిక పెట్టుకుని, ని, ష గుర్తులున్న ముక్కల్ని టైమ్‌స్టాంపుతో సహా, మాటలు మార్చకుండా, అక్కడికి కాపీ చేయండి. మన లెక్చర్‌లో ఉష్ణోగ్రతకి దొరికినవి ఇవి:

08:10 — "ఉష్ణోగ్రత అంటే, ప్రస్తుతానికి, ఒక వస్తువులో వేడి ఎంతుందో చెప్పేది అనుకోండి."

16:45 — "ఇందాక వేడి ఎంతుందో చెప్పేది అన్నాను కదా, అది పూర్తిగా కరెక్ట్ కాదు. లోపల అణువులు కదులుతుంటాయి, ఆ కదలిక వల్ల వచ్చే గతిజశక్తి, దాని సగటుకి కొలత."

17:30 — "సగటు అన్నాను, మొత్తం అనలేదు."

మొదటిది నిచ్చెనలాంటిది, పైకెక్కించడానికి వేసింది. "ప్రస్తుతానికి", "అనుకోండి" అనే రెండు మాటలే ఆ సంగతి చెప్పేస్తున్నాయి. ఔట్‌లైన్‌లో దానికి చోటు లేదు, పైగా ఉంచితే రెండు నిర్వచనాలు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. రెండోదీ మూడోదీ కలిపితే: "ఉష్ణోగ్రత: వస్తువులోని అణువుల సగటు గతిజశక్తికి కొలత (మొత్తానికి కాదు)".

కలిపేటప్పుడు వాక్యాన్ని ఎంతైనా బిగించొచ్చు, కానీ కొన్ని మాటల్ని ముట్టుకోకూడదు. "సగటు", "స్థిరంగా", "1 కిలోకి", "వరకు", "మాత్రమే" లాంటివి చూడ్డానికి చిన్నవే, నిర్వచనం బరువంతా వాటి మీదే ఉంటుంది. "సగటు" తీసేసి "అణువుల గతిజశక్తికి కొలత" అని రాస్తే చదవడానికి హాయిగా ఉంటుంది, కానీ అది ఉష్ణోగ్రత కాదు, ఇంకేదో. అలాగే పర్యాయపదాల మోజు కూడా పనికిరాదు. ఒకచోట "ఉష్ణం", ఇంకోచోట "వేడి", మరోచోట "ఉష్ణశక్తి" అని రాస్తే నెల తర్వాత మీకే అవి మూడు వేర్వేరు విషయాల్లా కనిపిస్తాయి. ఒకటి ఎంచుకుని చివరిదాకా అదే వాడండి.

ఇక ఉదాహరణల పంచాయితీ

అసలు పని ఇదే, సగం టైమ్ దీనికే పోతుంది, పోవాలి కూడా. ప్రతి ఉ దగ్గరా ఆగి ఒకటే ప్రశ్న వేసుకోండి: దీన్ని మూసేసి, పైన నేను రాసుకున్న నిర్వచనం ఒక్కటే చూస్తే, ఈ ఉదాహరణలో ఆయన తేల్చిన విషయాన్ని నేను తేల్చగలనా? తేల్చగలిగితే ఉదాహరణ పోవచ్చు. తేల్చలేకపోతే దాని జేబులో ఏదో ఉంది.

విశిష్టోష్ణం దగ్గర చూద్దాం. 24:00 దగ్గర ఆయన చెప్పిన నిర్వచనం: "1 కిలో పదార్థం ఉష్ణోగ్రతని 1 డిగ్రీ సెల్సియస్ పెంచడానికి కావాల్సిన ఉష్ణం". సూత్రం `Q = mcΔT`, ఇందులో `Q` ఉష్ణం, `m` ద్రవ్యరాశి, `c` విశిష్టోష్ణం, `ΔT` ఉష్ణోగ్రతలో మార్పు. వెంటనే ఉదాహరణ:

25:20 — "2 కిలోల నీళ్ళు, 20 డిగ్రీల నుంచి 80కి తీసుకెళ్ళాలి. నీటికి `c` విలువ దాదాపు 4,186. రెండు ఇంటూ 4,186 ఇంటూ 60, ఎంతొచ్చింది, సుమారు 5 లక్షల 2 వేల జౌళ్ళు. 120కి తీసుకెళ్ళమంటే ఇదే లెక్క వేసేయకండి మరి, 100 దగ్గర మరగడం మొదలవుతుంది, అక్కడ ఈ సూత్రం ఆగిపోతుంది."

లెక్క భాగం సూత్రంలో అంకెలు వేయడమే, అది లేకపోయినా ఎవరైనా చేసుకుంటారు. కానీ చివరి వాక్యం చూడండి. "పదార్థం స్థితి మారనంతవరకే" అనే షరతు లెక్చర్ మొత్తంలో ఇంకెక్కడా లేదు, ఉదాహరణ తోకలో ఉంది, అదీ హెచ్చరికలా. నేను మొదట్లో కొట్టేసి నష్టపోయింది సరిగ్గా ఇలాంటి వాక్యాన్నే. దాన్ని బయటికి లాగి నిర్వచనం పక్కన పెట్టగానే ఉదాహరణ ఖాళీ అయిపోతుంది, నిశ్చింతగా తీసేయొచ్చు.

గుప్తోష్ణం దగ్గర ఇంకో రకం. 33:15 దగ్గర: "కరగడానికి గానీ మరగడానికి గానీ, ఉష్ణోగ్రత మారకుండా, 1 కిలో పదార్థం తీసుకునే ఉష్ణం". నిర్వచనం పూర్తిగానే ఉన్నట్టుంది. తర్వాత 35:40 దగ్గర ఆవిరి ఉదాహరణ: 100 డిగ్రీల నీళ్ళు చేతి మీద పడినదానికన్నా 100 డిగ్రీల ఆవిరి తగిలితే ఎక్కువ కాలుతుంది, ఎందుకంటే ఆవిరి చర్మం మీద నీరుగా మారేటప్పుడు కిలోకి దాదాపు 2,260 కిలోజౌళ్ళ చొప్పున వదిలేస్తుంది. ఇప్పుడు ఉదాహరణ మూసి నిర్వచనం చూడండి. అందులో "తీసుకునే" అని మాత్రమే ఉంది. ఆవిరి ఎందుకు కాలుస్తుందో దాంతో చెప్పలేం, ఎందుకంటే అక్కడ జరుగుతున్నది వదలడం. కాబట్టి నిర్వచనంలో "తీసుకునే లేదా వదిలే" అని చేర్చాలి. చేర్చాక ఆవిరి కథ అక్కర్లేదు. ఎంత ఆసక్తిగా ఉన్నా సరే.

ఇలా వడపోస్తే ఎక్కువ భాగం పోతాయి. అయినా కొన్నిటిని ఉంచాలి, ముఖ్యంగా రెండు కాన్సెప్టుల మధ్య గోడలా నిలబడే ఉదాహరణని. మన లెక్చర్‌లో అది చెంచా, బకెట్ సంగతి: చెంచాడు మరుగుతున్న నీళ్ళ ఉష్ణోగ్రత ఎక్కువ, బకెట్ గోరువెచ్చని నీళ్ళలో మొత్తం అణువుల శక్తి ఎక్కువ, అయినా చెంచా నీళ్ళు బకెట్‌లో పోస్తే ఉష్ణం చెంచా నీళ్ళ నుంచే బకెట్ నీళ్ళలోకి పోతుంది. ఉష్ణోగ్రత నిర్వచనం, ఉష్ణం నిర్వచనం విడివిడిగా చదివితే రెండూ అర్థమైనట్టే ఉంటాయి, రెండింటినీ కలిపేసుకోకుండా ఆపేది ఈ ఒక్క ఉదాహరణ. దాన్ని ఒక్క పంక్తికి కుదించి ఉంచండి. కథ అక్కర్లేదు, పోలిక చాలు.

లెక్చరర్ తర్వాత పేరు పెట్టి పిలిచే ఉదాహరణకి కూడా నాలుగు మాటల గుర్తు ఉంచాలి. "మన చెంచా కేసులో లాగే" అని 41వ నిమిషంలో అంటే, ఆ చెంచా ఏమిటో మీకు తెలియాలి కదా.

చలికాలంలో ఇనప కుర్చీ చెక్క కుర్చీకన్నా చల్లగా తగులుతుంది అనేది కూడా ఈ లెక్చర్‌లో ఉంది. ఐదు నిమిషాలు మాట్లాడారు. అది ఉష్ణవాహకత్వం గురించి, ఈ లెక్చర్‌లో నిర్వచించని కాన్సెప్ట్. "ఉష్ణవాహకత్వం: తర్వాత, 20:30" అని రాసి వదిలేయడమే. ఎక్కువసేపు మాట్లాడారు కాబట్టి ముఖ్యం అనుకోవడం ఈ పనిలో మామూలుగా దొర్లే పొరపాటు.

ఒక హద్దు కూడా చెప్పాలి. కేసుల చుట్టూ నడిచే న్యాయశాస్త్రం క్లాసుకి, ఒక కవితని పంక్తి పంక్తిగా విప్పే క్లాసుకి ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ఉదాహరణే విషయం. తీసేస్తే మిగిలేది ఏమీ ఉండదు.

అమర్చడం

లెక్చర్ జరిగిన వరసలోనే ఔట్‌లైన్ రాయాలనే రూలేమీ లేదు. ఏ నిర్వచనంలో ఏ మాట వాడారో చూసి ఆ మాట ముందు వచ్చేలా పెట్టండి. విశిష్టోష్ణం నిర్వచనంలో "ఉష్ణం", "ఉష్ణోగ్రత" రెండూ ఉన్నాయి కాబట్టి అవి పైన ఉండాలి. ఉష్ణం నిర్వచనంలో "ఉష్ణోగ్రతా భేదం" ఉంది కాబట్టి ఉష్ణోగ్రత దానికన్నా పైన. మన లెక్చరర్ మాత్రం ఉష్ణంతో మొదలుపెట్టి, మధ్యలో ఉష్ణోగ్రతకి వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చారు. వినేటప్పుడు అది బాగానే ఉంటుంది, చదివేటప్పుడు తల తిరుగుతుంది.

లోపలికి జరిపి రాసే పంక్తికి ఒకటే అర్థం ఉండాలి. నా దగ్గరైతే, లోపలికి జరిపానంటే అది పై నిర్వచనానికి చెందిన షరతు, సూత్రం, లేదా తేడా. కొత్త కాన్సెప్ట్ ఎప్పుడూ ఎడమ అంచునే. మొత్తం పూర్తయ్యాక ఇలా ఉంటుంది:

```
ఉష్ణోగ్రత: అణువుల సగటు గతిజశక్తికి కొలత [16:45]
   - సగటుకి, మొత్తానికి కాదు [17:30]
ఉష్ణం: ఉష్ణోగ్రతా భేదం వల్ల ఒకదాని నుంచి
   మరోదానికి బదిలీ అయ్యే శక్తి [18:50]
   - వస్తువులో "ఉండేది" కాదు, బదిలీలో ఉన్నదే
   - తేడా: చెంచాడు మరిగే నీళ్ళు / బకెట్ గోరువెచ్చనివి;
     శక్తి బకెట్‌లో ఎక్కువ, ఉష్ణం చెంచా నుంచి బకెట్‌కి
విశిష్టోష్ణం (c): 1 కిలోకి 1°C పెంచడానికి
   కావాల్సిన ఉష్ణం [24:00]
   - Q = mcΔT
   - స్థితి మారనంతవరకే [25:20]
గుప్తోష్ణం (L): ఉష్ణోగ్రత మారకుండా, స్థితి మారేటప్పుడు
   1 కిలో తీసుకునే లేదా వదిలే ఉష్ణం [33:15, 35:40]
   - Q = mL
ఉష్ణవాహకత్వం: తర్వాత [20:30]
```

నీటి విశిష్టోష్ణం 4,186, మంచు కరగడానికి కిలోకి 334 కిలోజౌళ్ళు లాంటి అంకెలు ఇందులో లేవు, గమనించారా? అవి నిర్వచనాలు కావు, పట్టికలో దొరికే విలువలు. పరీక్షకి కంఠతా కావాలంటే చివర్లో విడిగా ఒక పంక్తి రాసుకోండి, నిర్వచనాల మధ్య ఇరికించకండి.

పారేసిన ఉదాహరణలతోనే పరీక్ష పెట్టడం

తీసేసిన ఉదాహరణల్ని నిజంగా పారేయకుండా వేరే ఫైల్‌లో పడేసి ఉంచండి. అవే మీ ఔట్‌లైన్‌కి ప్రశ్నపత్రం. మూడు నాలుగు రోజులు ఆగి, ట్రాన్స్‌క్రిప్ట్ ముట్టుకోకుండా, ఔట్‌లైన్ ఒక్కటే ముందు పెట్టుకుని వాటికి జవాబు చెప్పడానికి ప్రయత్నించండి. అదే రోజు చేస్తే లెక్చర్ ఇంకా చెవిలో మోగుతుంటుంది కాబట్టి ఔట్‌లైన్‌లో లేనిది కూడా ఉన్నట్టే అనిపిస్తుంది.

పై ఔట్‌లైన్‌కి ఈ పరీక్ష పెట్టి చూద్దాం. 43:00 దగ్గర ఆయన చేసిన పెద్ద లెక్క: "మైనస్ 10 డిగ్రీల మంచు 1 కిలో, దాన్ని 10 డిగ్రీల నీళ్ళుగా మార్చడానికి ఎంత ఉష్ణం కావాలి?" ఔట్‌లైన్ చూస్తే, "స్థితి మారనంతవరకే" అని ఉంది కాబట్టి ఒకే సూత్రంతో కుదరదని తెలుస్తుంది. మైనస్ 10 నుంచి 0 వరకు ఒక ముక్క, 0 దగ్గర కరగడం ఒక ముక్క, 0 నుంచి 10 వరకు ఇంకో ముక్క. ఇంతవరకు భేష్. అంకెలు పట్టికలోంచి తీసుకుంటే, మూడో ముక్కకి 4,186 వేస్తాం, 41,860 జౌళ్ళు. రెండోది 3,34,000. మరి మొదటి ముక్కకి `c` ఎంత? ఔట్‌లైన్ చూసి ఎవరైనా నీటిదే కదా అనుకుని 4,186 వేస్తారు, 41,860 వస్తుంది. ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆయన వేసింది సుమారు 2,100, వచ్చింది 21,000. మొత్తం ఆయనకి దాదాపు 3,97,000 జౌళ్ళు, మనకి దాదాపు 4,18,000.

జవాబు తేడా వచ్చినప్పుడు ముందు కూడికలు, గుణకారాలు ఒకసారి సరిచూసుకోండి. అవి సరిగ్గానే ఉంటే ఔట్‌లైన్‌లో ఏదో జారిపోయినట్టు. ఇక్కడ జారింది ఏమిటో 43:00 పేరాకి వెళ్ళి చూస్తే కనిపిస్తుంది: "మంచుకి నీళ్ళ `c` వేయకండి, పదార్థం ఒకటే అయినా గడ్డగా ఉన్నప్పుడు వేరు, ద్రవంగా ఉన్నప్పుడు వేరు." చదివేటప్పుడు నేను ఈ పేరా మొత్తానికి ఉ అని పెట్టి ముందుకెళ్ళిపోయాను, అది లెక్కలా కనిపించింది కాబట్టి. విశిష్టోష్ణం కింద ఒక పంక్తి చేరింది:

```
   - ఒకే పదార్థానికి స్థితిని బట్టి c మారుతుంది [43:00]
```

ఆ పంక్తితో లెక్క మళ్ళీ వేస్తే 3,97,000 దగ్గరికి వస్తుంది. ఇక ఆ మంచు లెక్కతో పనిలేదు.